డబ్బు రాకపోతే నంబరు అడగండి

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు బాగోలేదని తిరిగి పంపేశాక ఫోనుకి ఒక మెసేజ్ వస్తుంది: ‘మీ రిఫండ్ ప్రాసెస్ అయింది’. అది చూసి డబ్బు వచ్చేసినట్టే అనుకుంటాం. నిజానికి ఆ మాటకి అర్థం, డబ్బు వెనక్కి ఇవ్వమని కంపెనీ తన పేమెంట్ గేట్‌వేకి చెప్పిందని. ఒక్కోసారి చెప్పబోతోందని మాత్రమే. అక్కడి నుంచి ఆ డబ్బు కంపెనీ తరఫు బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ దాటుకుని మన బ్యాంకుకి రావాలి. మన బ్యాంకు దాన్ని ఖాతాలో వేయాలి. దారిలో ఎక్కడ ఆగిపోయినా మనకి తెలిసేది ఒకటే, ఖాతాలో డబ్బు లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘మా వైపు నుంచి అయిపోయిందండీ, మీ బ్యాంకులో కనుక్కోండి’ అంటారు. బ్యాంకుకి వెళ్తే ‘మాకేమీ రాలేదమ్మా’ అంటారు. చిత్రమేమిటంటే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు.

ఈ ముడి విప్పేది ఒక నంబరు. కార్డు మీద కట్టిన డబ్బు వెనక్కి బయలుదేరితే దానికి 23 అంకెల గుర్తింపు సంఖ్య పడుతుంది. బ్యాంకుల్లో దాన్ని ఏఆర్ఎన్ అంటారు. యూపీఐ ద్వారా కట్టి ఉంటే 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది, వాడుకలో యూటీఆర్ అనే అంటున్నారు. ఆ నంబరు పట్టుకుని వెళ్తే మన బ్యాంకు వాళ్లు డబ్బు ఎక్కడుందో వెతకగలరు. నంబరు లేకపోతే వాళ్లు చూడగలిగేది మన ఖాతా వరకే. కంపెనీ ఆ నంబరు ఇవ్వలేకపోతే, డబ్బు ఇంకా వాళ్ల వైపు నుంచి కదల్లేదని అనుమానించడానికి గట్టి ఆధారం దొరికినట్టే. అందుకే రిఫండ్ ఆలస్యమైనప్పుడు రాసే ఉత్తరంలో ‘నా డబ్బు ఎప్పుడిస్తారు’ అన్న ప్రశ్న కన్నా ‘పంపామంటున్నారు కదా, నంబరు చెప్పండి’ అన్న ప్రశ్నకి బలమెక్కువ. మొదటిదానికి ‘త్వరలోనే’ అని జవాబు రాసి పంపేయొచ్చు. రెండోదానికి అలా కుదరదు.

ఉత్తరం ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం. అనకాపల్లిలో ఇంట్లోనే టైలరింగ్ చేసుకునే ఒకావిడ ఉన్నారనుకుందాం. ఫిబ్రవరి 2న ఆన్‌లైన్‌లో 12,480 రూపాయలకి ఓవర్‌లాక్ మెషిన్ కొన్నారు. అందులో 500 గిఫ్ట్ కార్డు నుంచి పోగా మిగిలిన 11,980 డెబిట్ కార్డు మీద కట్టారు. 7న మెషిన్ వచ్చింది, మోటారు తిరగలేదు. 8న రిటర్న్ పెట్టారు. 11న డెలివరీ అబ్బాయి వచ్చి మెషిన్ తీసుకెళ్లాడు. 13న గిఫ్ట్ కార్డులో 500 తిరిగి పడ్డాయి, మిగతాది ఏడు పనిదినాల్లో ఖాతాకి చేరుతుందని మెసేజ్ వచ్చింది. మార్చి వచ్చినా డబ్బు రాలేదు. కోపం పట్టలేక ఆవిడ ఇలా రాశారు:

‘మీది మోసపు కంపెనీ. నెల రోజుల నుంచి నా 12,480 రూపాయలు తినేసి కూర్చున్నారు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా పట్టించుకునే దిక్కు లేదు. పనికిమాలిన మెషిన్ పంపింది చాలక మీ డెలివరీ అబ్బాయి దురుసుగా మాట్లాడాడు. వెంటనే డబ్బు వేయకపోతే కన్స్యూమర్ కోర్టుకెళ్లి ఐదు లక్షలు వసూలు చేస్తాను.’

ఆవిడ కోపంలో తప్పేమీ లేదు. కాకపోతే ఈ ఉత్తరం చదివే ఉద్యోగి స్థానంలో కూర్చుని చూడండి. ఆర్డర్ నంబరు లేదు కాబట్టి అతను ముందు చేసే పని అది అడుగుతూ జవాబివ్వడం. దాంతో రెండు రోజులు పోతాయి. నంబరు దొరికాక చూస్తే కార్డుకి రావలసింది 11,980 మాత్రమే, 500 ఎప్పుడో ఇచ్చేశారు. నెల రోజులన్నది కూడా నిజం కాదు, మెసేజ్ వచ్చి మూడు వారాలైనా కాలేదు. ఉత్తరంలో రెండు అంకెలుంటే రెండూ తప్పే. ఇక మిగతాది కూడా అతిశయోక్తే అనుకోవడం సహజం. డెలివరీ అబ్బాయి దురుసుతనం వేరే విభాగం చూసేది. ఒకే ఉత్తరంలో రెండు ఫిర్యాదులుంటే తేలిగ్గా క్షమాపణ చెప్పి ముగించగల రెండోదానికే జవాబు వచ్చే ప్రమాదముంది. ‘వెంటనే’ అన్నది తేదీ కాదు, అది దాటిందని ఎవరూ నిరూపించలేరు. పన్నెండు వేల వస్తువుకి ఐదు లక్షలంటే బెదిరింపుగా కూడా లెక్కలోకి రాదు.

‘మోసం’ అన్న మాట సంగతి కూడా చెప్పుకోవాలి. మోసమంటే ఉద్దేశం ఉండాలి, ఆ ఉద్దేశాన్ని మనం చూపించాలి. ఆలస్యానికి ఆ బాధ లేదు, బ్యాంకు స్టేట్‌మెంటే చూపిస్తుంది. నిరూపించగలిగిన చిన్న మాట చేతిలో ఉండగా, నిరూపించలేని పెద్ద మాట వాడి ఎదుటివాళ్లకి వాదించే వీలు ఇవ్వడమెందుకు? పైగా ఈ ఉత్తరం రేపు ఏ వినియోగదారుల కమిషన్‌కో వెళ్తే అక్కడ చదివేది మన బాధ తెలియని మూడో మనిషి. మర్యాదగా రాయడం కంపెనీ మీద జాలితో కాదు, ఆ మూడో మనిషికి మన పక్షం శుభ్రంగా కనిపించాలని.

ఆవిడ మళ్లీ కూర్చుని రాసిన ఉత్తరం ఇలా ఉండొచ్చు. ఖాళీల్లో ఇన్‌వాయిస్‌లోనూ మెసేజ్‌లలోనూ ఉన్న నంబర్లు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి.

అనకాపల్లి,
తేదీ: 02-03-2026

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ఆర్డర్ నంబరు ______. రావలసిన రిఫండ్ రూ. 11,980. మీరు చెప్పిన గడువు ఫిబ్రవరి 24తో ముగిసింది.

నమస్కారం.

నా స్వయం ఉపాధి కోసం ఫిబ్రవరి 2న మీ దగ్గర ఒక ఓవర్‌లాక్ మెషిన్ కొన్నాను. ధర రూ. 12,480. ఇందులో రూ. 500 గిఫ్ట్ కార్డు నుంచి, రూ. 11,980 నా డెబిట్ కార్డు (చివరి నాలుగు అంకెలు ____) నుంచి చెల్లించాను.

7న అందిన మెషిన్‌లో మోటారు పనిచేయలేదు. 8న రిటర్న్ కోరాను, మీరు అంగీకరించారు. 11న మీ సిబ్బంది మెషిన్ తీసుకెళ్లి రసీదు ఇచ్చారు. 13న గిఫ్ట్ కార్డు రూ. 500 తిరిగి జమచేశారు, అందుకు ధన్యవాదాలు. మిగిలిన మొత్తం ఏడు పనిదినాల్లో నా ఖాతాకు చేరుతుందని అదే రోజు మెసేజ్ పంపారు.

ఈ రోజు వరకూ ఆ మొత్తం చేరలేదు. 26న మీ కస్టమర్ కేర్‌ను సంప్రదిస్తే (టికెట్ నంబరు ______) బ్యాంకును అడగమన్నారు. అలాంటి జమ ఏదీ రాలేదని మా బ్యాంకు చెప్పింది. ఫిబ్రవరి 13 నుంచి నేటి వరకు స్టేట్‌మెంట్ జతచేస్తున్నాను.

దయచేసి మార్చి 12లోగా ఈ రెండింటిలో ఒకటి చేయండి. రిఫండ్ ఇప్పటికే పంపి ఉంటే దాని ఏఆర్ఎన్, పంపిన తేదీ, మొత్తం తెలియజేయండి. పంపకపోయి ఉంటే, లేదా పంపినది మీకే తిరిగి వచ్చి ఉంటే, రూ. 11,980 నా ఖాతాకు పంపి ఆ నంబరు తెలియజేయండి.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి టికెట్ నంబరు ఇవ్వగలరు. మార్చి 12లోగా పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవలసి వస్తుంది. అంతవరకూ వెళ్లకుండా మీ స్థాయిలోనే పరిష్కరిస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
(పేరు, చిరునామా, ఆర్డర్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు)

జతచేసినవి: ఇన్‌వాయిస్, రిటర్న్ రసీదు, 13వ తేదీ మెసేజ్ ఫొటో, బ్యాంకు స్టేట్‌మెంట్.

ఈ ఉత్తరంలో కోపం లేదు కానీ సడలింపు కూడా లేదు. విషయం అన్న ఒక్క వరసలోనే ఏ ఆర్డరు, ఎంత డబ్బు, ఎంత ఆలస్యం అన్న మూడూ తెలిసిపోతున్నాయి. ముందుగా కంపెనీ సొంత మాటనే దాని ముందు పెట్టాం, చట్టం తర్వాత వచ్చింది. ఈ వరసకి కారణముంది. చట్టంలో గడువు ఏమిటని ఎవరైనా వాదించొచ్చు గానీ, ఏడు పనిదినాలని తామే పంపిన మెసేజ్‌ని కాదనలేరు. ఆ ఏడు రోజులు లెక్కపెట్టేటప్పుడు శనాదివారాలు, బ్యాంకు సెలవులు తీసేయాలి. ఫిబ్రవరి 13 శుక్రవారం కాబట్టి లెక్క 16న మొదలై 24తో పూర్తవుతుంది. 20వ తేదీనే ‘గడువు దాటింది’ అని రాసి ఉంటే, తప్పు మన వైపు ఉండేది.

500 రూపాయలు అందాయని ఒప్పుకుని ధన్యవాదాలు చెప్పడం కొందరికి అనవసరమనిపిస్తుంది. నాకైతే ఆ ఉత్తరంలో అన్నిటికన్నా పదునైన వాక్యం అదే అనిపిస్తుంది. వచ్చినదాన్ని వచ్చిందని చెప్పే మనిషి రానిదాన్ని రాలేదంటే నమ్మబుద్ధవుతుంది. ఒకే కొనుగోలుకి డబ్బు రెండు మూడు ముక్కలుగా వెనక్కి రావడం మామూలే. గిఫ్ట్ కార్డుది గిఫ్ట్ కార్డుకి, వాలెట్‌ది వాలెట్‌కి, కార్డుది కార్డుకి వెళ్తుంది. క్రెడిట్ కార్డు అయితే సేవింగ్స్ ఖాతాలో ఎంత వెతికినా కనిపించదు, కార్డు స్టేట్‌మెంట్‌లో జమగా చూపిస్తుంది. ఉత్తరం మొదలుపెట్టే ముందు ఈ చోట్లన్నీ ఒకసారి చూసుకుని, నిజంగా బాకీ ఉన్న అంకె తేల్చుకోవాలి. ఆ స్టేట్‌మెంట్ జతచేసేటప్పుడు సంబంధం లేని లావాదేవీలు కనపడకుండా కొట్టేయొచ్చు. కార్డు పూర్తి నంబరు మాత్రం ఎక్కడా రాయనక్కర్లేదు, చివరి నాలుగు అంకెలు చాలు.

‘నా స్వయం ఉపాధి కోసం’ అన్న ముక్క ఊరికే పెట్టలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారు. కానీ తన బతుకుతెరువు కోసం, తానే పనిచేసుకోవడానికి కొనుక్కుంటే ఆ మినహాయింపు వర్తించదు, వాళ్లూ వినియోగదారులే. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టే ఆవిడ మెషిన్ ఈ రెండో కోవలోకి వస్తుంది. జీతాలిచ్చి పదిమందితో కుట్టించే యూనిట్ కోసం కొంటే కథ వేరు. ఇంటికి మిక్సీయో ఫ్రిజ్జో కొన్నవాళ్లు ఈ ముక్క రాయనవసరం లేదు.

ఇక ఉత్తరం ఎవరికి వెళ్లాలన్నది. కస్టమర్ కేర్ చాట్‌లో రాస్తే ఆ కిటికీ మూయగానే మన మాట మన దగ్గర మిగలకపోవచ్చు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అమ్మకపు సంస్థా ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ని పెట్టుకుని, ఆ అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు తన సైట్‌లో ఉంచాలి. సాధారణంగా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, అందిన నెలలోగా పరిష్కరించాలి. ఈమెయిల్ చేస్తే తేదీ, వేళ దానంతటదే నమోదవుతాయి. ఆ అధికారి ఏ ఊళ్లో ఉంటారో, తెలుగు చదవగలరో లేదో తెలియదు. ఇంగ్లిష్ వచ్చిన పిల్లలో ఇరుగుపొరుగువాళ్లో ఉంటే ఇదే వరసలో, ఇవే వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయించుకుని పంపడం మేలు. వరస మారితే బలం తగ్గుతుంది, భాష మారితే తగ్గదు.

నెల గడువుంటే మనం పది రోజులే ఎందుకిచ్చామని అడగొచ్చు. నెలన్నది చట్టం కంపెనీకి ఇచ్చిన చివరి హద్దు. ఇక్కడ మెషిన్ పాడైందని వాళ్లే ఒప్పుకున్నారు, వెనక్కి తీసుకున్నారు, డబ్బు ఇస్తామన్నారు. విచారించడానికి ఇంకేమీ మిగల్లేదు, ఒక నంబరు చూసి చెప్పడమే మిగిలింది. దానికి పది రోజులు ఎక్కువే. అలాగని రెండు రోజులిచ్చి భయపెట్టాలని చూస్తే మనమే తొందరపాటు మనుషుల్లా కనిపిస్తాం.

కంపెనీ అసలు ఏ గడువూ చెప్పకపోతే ఏంచేయాలి? లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వడానికి బిల్లులో చెప్పిన గడువే లెక్క, బిల్లులో ఏమీ లేకపోతే 30 రోజులు అని 2019 చట్టంలో ఉంది. అలా ఇవ్వకుండా నిరాకరించడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా చట్టం పేర్కొంది. ఇది లోపమున్న వస్తువుల సంగతని గుర్తుంచుకోవాలి. రంగు నచ్చలేదనో మనసు మారిందనో తిప్పి పంపితే కంపెనీ తానే ప్రకటించిన రిటర్న్ పాలసీ మీద ఆధారపడాలి. అప్పుడు ఉత్తరంలో చట్టం పేరు కన్నా ఆ పాలసీలోని వాక్యం ఎత్తి రాయడం మంచిది. పాలసీలు మారుతుంటాయి, కొన్న రోజునే ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నవాళ్లు అదృష్టవంతులు.

జవాబులు రకరకాలుగా వస్తాయి. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని తప్ప మరేమీ లేని జవాబు వస్తే మళ్లీ కథంతా రాయొద్దు. అదే మెయిల్ మీద ‘మీ జవాబు అందింది, ధన్యవాదాలు. నేనడిగిన ఏఆర్ఎన్ గానీ, డబ్బు పంపే తేదీ గానీ అందులో లేవు. మార్చి 12 గడువు అలాగే ఉంది’ అని మూడు ముక్కలు రాస్తే చాలు. డబ్బుకి బదులు అంతే విలువ ఉన్న కూపన్ ఇస్తామంటే ‘చెల్లింపు కార్డు నుంచి జరిగింది కాబట్టి రిఫండ్ కూడా కార్డు ఖాతాకే కోరుతున్నాను’ అనండి. కూపన్ కోడ్‌ని మాత్రం మొహమాటానికి కూడా వాడొద్దు, వాడితే ఒప్పుకున్నట్టవుతుంది.

నిజంగానే ఏఆర్ఎన్ వస్తే అప్పుడు బంతి బ్యాంకు వైపు వెళ్లినట్టు. ఆ నంబరు, తేదీ, మొత్తం రాసి బ్యాంకులో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఏఆర్ఎన్ చేతికొచ్చాక కూడా కంపెనీని తిడుతూ కూర్చుంటే తప్పు తలుపు తట్టినట్టే.

గడువు దాటినా ఏమీ రాకపోతే చెప్పినట్టే చేయాలి. చేయని హెచ్చరిక ఇంకోసారి పనికిరాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనూ మాట్లాడొచ్చు. వాళ్లు ఫిర్యాదుని కంపెనీకి పంపి పరిష్కారం రాబట్టడానికి ప్రయత్నిస్తారు, అంతేగానీ ఆదేశం ఇచ్చే అధికారం వాళ్లకి లేదు. ఆదేశం ఇచ్చేది జిల్లా కమిషన్. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. వస్తువుకి చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ఫిర్యాదుకి కారణం పుట్టిన రెండేళ్లలోగా వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. అక్కడ రాసే ఫిర్యాదులో ముప్పాతిక వంతు పై ఉత్తరంలోనే ఉంది. వడ్డీ, ఖర్చులు, పరిహారం అడగాల్సిన చోటు కూడా అదే. మొదటి ఉత్తరంలోనే అవన్నీ పెడితే తేలిగ్గా తేలాల్సిన అసలు బాకీ కూడా బేరంలో పడుతుంది.

ఈలోగా ఒక జాగ్రత్త. కోపంతో చాలామంది ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు సోషల్ మీడియాలో పెట్టేస్తారు. వాటి కోసమే కాచుకుని ఉండేవాళ్లున్నారు. కాసేపటికి ‘కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, మీ రిఫండ్ వేస్తున్నాం’ అని ఫోన్ వస్తుంది, లింకు నొక్కమనో పిన్ కొట్టమనో అంటారు. మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, పిన్ కొడితే డబ్బు పోవడమే. కస్టమర్ కేర్ నంబరు కూడా గూగుల్‌లో వెతికి పట్టుకోవద్దు, కంపెనీ యాప్‌లోనో ఇన్‌వాయిస్ మీదో ఉన్నదే వాడాలి.

డబ్బు వస్తే మొత్తం సరిపోయిందో లేదో చూసుకుని, ‘మార్చి 9న రూ. 11,980 జమయింది, ఫిర్యాదు ముగించగలరు’ అని ఒక వరస రాసి పంపడం మర్యాద. కొంచెం తక్కువ వచ్చినా, వస్తుందన్న హామీ మాత్రమే వచ్చినా ఆ వరస రాయొద్దు. ‘మీ సమస్య పరిష్కారమైందా?’ అని అడిగే మెసేజ్‌లో ‘అవును’ కూడా నొక్కొద్దు. నొక్కితే టికెట్ మూతపడుతుంది, మిగిలిన డబ్బు కోసం కొత్త టికెట్‌తో, కొత్త తేదీలతో మళ్లీ మొదటికి రావాలి.